ఉడికించిన గుడ్డు, ఏడు రోజుల లెక్క

"ఫ్రిజ్‌లో పెట్టిన ఉడికించిన కోడిగుడ్లు 7 రోజుల వరకు తినవచ్చు. విద్యార్థులు టెన్షన్ పడవద్దు." ఒక హాస్టల్ మెస్ మేనేజర్ గారు డైనింగ్ హాల్ గోడకి అంటించిన నోటీసులో ఉన్నది ఈ రెండు వాక్యాలే. దాని కింద ఎవరో పెన్నుతో ఒక ప్రశ్నార్థకం గీశారు. ఆదివారం ఉడికించిన గుడ్లు బుధవారం పొద్దున టిఫిన్‌లో కనిపించాయని పిల్లలు గొడవ చేయడంతో ఆయన ఈ నోటీసు పెట్టారు. వంటగది సిబ్బందికి ఆహార భద్రత గురించి పాఠాలు చెప్పడం నా పని కాబట్టి, "ఇందులో తప్పేమైనా ఉందా, చూసి చెప్పండి" అని నన్ను అడిగారు.

ఆయన రాసిన 7 అంకె ఆయన కల్పించుకున్నది కాదు. పూర్తిగా గట్టిపడేలా ఉడికించిన గుడ్డు, పెంకుతో ఉన్నా పెంకు తీసినా, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్తే వారం లోపల తినవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చాలా ఏళ్లుగా చెబుతోంది. నోటీసులో వారం మిగిలింది, ఆ 2 గంటలు ఎగిరిపోయాయి. నా అభ్యంతరం అక్కడే. ఫ్రిజ్‌లో గుడ్డు ఎన్ని రోజులు నిలుస్తుందనేది, స్టవ్ మీంచి దించాక మొదటి రెండు గంటలు అది ఎక్కడ ఉంది, ఏ నీళ్లలో ఉంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. అది చెప్పకుండా రోజులు మాత్రం చెప్తే, పాడైన గుడ్డుకి కూడా ఆ నోటీసు ధైర్యం ఇచ్చేస్తుంది.

చాలామందికి మింగుడుపడని విషయం ఒకటి ముందు చెప్పాలి. పచ్చి గుడ్డు ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు వారాలు ఉంటుంది. ఉడికించింది ఒక్క వారమే. "ఉడికిస్తే క్రిములు చస్తాయి కదా, మరి ఎక్కువ రోజులు ఉండాలి కదా?" అని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఉడికిస్తే లోపల ఉన్న క్రిములు చచ్చే మాట నిజమే. గుడ్లతో ఎక్కువగా భయపడేది సాల్మొనెల్లా గురించి. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికిస్తే అది బతకదు. కానీ అదే వేడికి గుడ్డు సొంత కాపలా కూడా పోతుంది. పచ్చి తెల్లసొనలో లైసోజైమ్ అనే పదార్థం ఉంటుంది, అది కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల్ని బద్దలు చేస్తుంది. ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ఇంకో ప్రొటీన్ ఇనుమును పట్టేసుకుని, బ్యాక్టీరియాకి అందకుండా చేస్తుంది. తెల్లసొన ఉడికి గట్టిపడ్డాక ఈ రెండూ ముందులా పనిచేయవు. పెంకు మీద కంటికి కనిపించని పల్చని పొర ఒకటి ఉంటుంది, పెంకులోని వేల రంధ్రాలను మూసి ఉంచేది అదే. మరిగే నీళ్లలో అది కూడా దెబ్బతింటుంది.

అందుకే స్టవ్ దిగిన క్షణంలో గుడ్డు ఎంతో శుభ్రంగా ఉంటుంది, ఆ తర్వాత బయటి నుంచి వచ్చేదాన్ని ఆపే శక్తి మాత్రం దానికి ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డుకి ప్రమాదం దాదాపు ఎప్పుడూ ఉడికించాక వచ్చి చేరిందే: నీళ్ల నుంచి, చేతి నుంచి, ట్రే నుంచి.

చేరే దారుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది చల్లార్చే టబ్బు. గుడ్డు పెంకు తీసేటప్పుడు వెడల్పుగా ఉన్న చివర చూడండి, చిన్న గుంట ఉంటుంది. అక్కడ పెంకుకీ గుడ్డుకీ మధ్య గాలి ఉండే అర ఉంటుంది. ఉడికేటప్పుడు ఆ గాలి వ్యాకోచించి రంధ్రాల గుండా కొంత బయటికి పోతుంది, నీళ్లలో ఆ చివర నుంచి సన్నని బుడగలు వరసగా పైకి లేవడం కనిపిస్తుంది. వేడి గుడ్డును చల్లని నీళ్లలో వేయగానే కథ తిరగబడుతుంది. లోపలి గాలి ముడుచుకుంటుంది, ఖాళీని నింపడానికి బయట ఉన్నదాన్ని గుడ్డు లోపలికి పీల్చుకుంటుంది. బయట గాలి ఉంటే గాలి, నీళ్లు ఉంటే నీళ్లు. పెంకు పగిలి ఉంటే ఇంకా సులువు.

అమెరికాలో హోటళ్లు, మెస్సుల కోసం ఉన్న ఆదర్శ నిబంధనావళి, ఫుడ్ కోడ్, ఈ తేడాని ఎంత సీరియస్‌గా తీసుకుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. భద్రత కోసం తప్పనిసరిగా చల్లగానో వేడిగానో ఉంచాల్సిన పదార్థాల్లో అది ఉడికించిన గుడ్లను చేర్చింది, కానీ పెంకు చెక్కుచెదరకుండా, గాలికి ఆరిన గుడ్డును మాత్రం ఆ జాబితా నుంచి మినహాయించింది. నీళ్లలో చల్లార్చిన దానికి ఆ మినహాయింపు లేదు. గుడ్డు అదే, ఉడికిన సమయం అదే, మారింది చల్లార్చిన పద్ధతి. ఇది చదివి "అయితే బయటే ఉంచేద్దాం" అనుకోకండి. వందల గుడ్లు ఉడికే చోట ఏ పెంకు సన్నగా చిట్లిందో ఒక్కొక్కటీ ఎత్తి చూసేవాళ్లు ఉండరు. పైగా పెద్ద గిన్నెలో కుప్పగా వదిలేస్తే మధ్యలో ఉన్నవి గంటల తరబడి వెచ్చగానే ఉంటాయి. కాబట్టి మెస్సుకి నేను చెప్పేది నీళ్లలో త్వరగా చల్లార్చమనే. కాకపోతే అవి తాగడానికి పనికొచ్చే నీళ్లు అయి ఉండాలి.

ఆ మెస్సులో జరుగుతున్నది వేరు. ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి మొదటి గిన్నె గుడ్లు అందులో వేస్తారు. అవి తీశాక అవే నీళ్లలో రెండో గిన్నెవి. అప్పటికి నీళ్లు గోరువెచ్చగా అయిపోతాయి, పగిలిన గుడ్ల తెల్లసొన ముక్కలు అందులో తేలుతుంటాయి, గుడ్లు ఏరే కుర్రాడి చేతులు మోచేతి దాకా అందులోనే ఉంటాయి. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, మార్చమని అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ వేడి గుడ్డు పీల్చుకునేది ఆ నీళ్లనే. ప్రతి గిన్నెకీ నీళ్లు మార్చడం, కుళాయి కింద పారే నీళ్లలో ఉంచడం, వీలైతే ఐసు వేయడం, చేతికి బదులు జల్లి గరిటె వాడటం. ఇంతే చేయాల్సింది. పావుగంటలో గుడ్లు చేతికి చల్లగా తగులుతాయి. తర్వాత నీళ్లు పూర్తిగా కారిపోనిచ్చి, ఆరాక, ఒకే వరసగా లోతు తక్కువ ట్రేలలో సర్ది ఫ్రిజ్‌లోకి పంపాలి. తడి గుడ్లను మూతపెట్టిన బకెట్లో కుక్కితే ఫ్రిజ్‌లో కూడా మధ్యవి చల్లబడటానికి చాలాసేపు పడుతుంది.

ఇక ఆ ఆదివారం సంగతి. వంట మాస్టర్‌తో కూర్చుని గంటగంటకీ ఏం జరిగిందో రాసుకున్నాం. సాయంత్రం 4 గంటలకి గుడ్లు స్టవ్ దిగాయి. నీళ్లలో వేసి తీసిన వాటిలో సగం, పెంకుతోనే, 5 గంటలకల్లా ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. మిగతా సగం రాత్రి భోజనానికని పెద్ద గిన్నెలోనే కౌంటర్ మీద ఉన్నాయి. మరుసటి రోజు పరీక్ష, చాలామంది భోజనానికి ఆలస్యంగా వచ్చారు, కొందరు రానేలేదు. రాత్రి 10 గంటలకి కౌంటర్ కట్టేసేటప్పుడు మిగిలిన గుడ్లు కూడా ఫ్రిజ్‌లోకి చేరాయి. వాటిలో కొన్నిటికి వడ్డన కోసం పెంకు తీసి ఉంది. బుధవారం పొద్దున ట్రేలన్నీ ఒకేలా కనిపించాయి. నోటీసు ప్రకారం అన్నీ 4 రోజుల గుడ్లే, అన్నీ తినొచ్చు.

నా లెక్కలో అవి రెండు వేరువేరు సరుకులు. వెచ్చని చోట, అన్నీ అనుకూలిస్తే, బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. ఒక గుడ్డు మీదికి పది చేరాయనుకుందాం. గంట లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లిన గుడ్డు మీద అవి ఎనభై దాటవు. ఆరు గంటలు కౌంటర్ మీద ఉన్న గుడ్డులో అదే వేగంతో పెరిగితే 26 లక్షలు దాటుతాయి. నిజంగా ప్రతి గుడ్డులోనూ ఇంత వేగంగా పెరగవు, కొత్త చోటికి అలవాటు పడటానికి వాటికీ కొంత టైమ్ పడుతుంది, గది చల్లగా ఉంటే నెమ్మదిస్తాయి. కానీ రెండు ట్రేల మధ్య తేడా ఏ స్థాయిలో ఉండొచ్చో ఈ లెక్క చూపిస్తుంది. 10 గంటలకి ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల ఆ పెరుగుదల ఆగుతుందే తప్ప, పెరిగినవి తగ్గవు. నేనైతే ఆ రెండో సగాన్ని ఆదివారం రాత్రే పారేయమనేవాణ్ని. మొదటి సగం బుధవారం తినడానికి ఇబ్బంది లేదు, ఆ టబ్బు నీళ్ల సంగతి, ఫ్రిజ్ చలి సంగతి పక్కన పెడితే.

మేనేజర్ గారు ఇక్కడ ఆగారు. "వాసన రాలేదండీ, నేనే ఒకటి తిని చూశాను, బాగానే ఉంది. మళ్లీ వేడి చేసే పెట్టాం కదా" అన్నారు. ఆయన నిజాయితీగానే అన్నారు, పిల్లలకి పెట్టేముందు తాను తిని చూసే మనిషి. కానీ ఈ రెండు నమ్మకాలూ మనల్ని కాపాడవు. వాసన, జిగట తెచ్చే క్రిములు వేరు, జబ్బు తెచ్చేవి వేరు. మన చర్మం మీద, ముక్కులో మామూలుగా ఉండే స్టాఫిలోకోకస్ ఆరియస్ పెంకు తీసేటప్పుడు చేతి నుంచి గుడ్డుకి అంటుకుంటుంది, వెచ్చని చోట పెరిగి విషపదార్థం వదులుతుంది. రుచి మారదు, వాసన మారదు. తర్వాత వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ అది వదిలిన విషం ఆ వేడికి విరగదు. తిన్న అరగంట నుంచి 8 గంటల లోపు వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. పెంకు తీసి కౌంటర్ మీద ఉంచిన గుడ్ల గురించి నేను ఇంత పట్టుబట్టేది అందుకే. పెంకు ఉన్న గుడ్డుకి కనీసం చేయి నేరుగా తగలదు.

ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తే, అంటే లోపల 4 డిగ్రీలు, మహా అయితే 5 డిగ్రీలు ఉంటే, స్టాఫిలోకోకస్ పెరగదు, సాల్మొనెల్లా కూడా పెరగదు. మరి వారం తర్వాత ఎందుకు వద్దంటారు? లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా ఉంది, అది ఫ్రిజ్ చలిలో కూడా నిదానంగా పెరుగుతుంది. ఫుడ్ కోడ్‌లో 7 రోజుల గడువు వెనక ఉన్న భయం ప్రధానంగా ఇదే. 2019 చివర్లో అమెరికాలో ఒక సంస్థ ఉడికించి, పెంకు తీసి, బకెట్లలో నింపి హోల్‌సేల్‌గా అమ్మిన గుడ్ల వల్ల లిస్టీరియా సోకి ఐదు రాష్ట్రాల్లో మనుషులు జబ్బుపడ్డారని, ఒకరు చనిపోయారని బయటపడింది. అవి చల్లగా నిల్వ ఉంచి అమ్మే గుడ్లే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి లిస్టీరియా వల్ల పెద్ద ప్రమాదం అరుదు. గర్భిణులకి, వయసు మళ్లినవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి అది ప్రాణాంతకం కావచ్చు. మెస్సులో తినేది విద్యార్థులే కాదు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్ కుటుంబం కూడా ఆ గుడ్లే తింటారు.

ఈ వారం లెక్కలో ఒక చిన్న మెలిక ఉంది. ఫుడ్ కోడ్ ప్రకారం వండిన రోజే మొదటి రోజు. ఆదివారం ఉడికిస్తే ఏడో రోజు శనివారం, వచ్చే ఆదివారం కాదు. చాలా మెస్సుల్లో ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాటి నుంచి లెక్కేస్తారు, ఒక రోజు అక్కడే జారిపోతుంది.

ఆ మెస్ ఫ్రిజ్‌లో థర్మామీటర్ లేదు. తలుపు మీద ఉన్న బటన్ 3 దగ్గర ఉంది, అది 3 డిగ్రీలని వంట మాస్టర్ అనుకుంటున్నారు. ఆ అంకె చలి ఎంత గట్టిగా కావాలో చెబుతుందే గానీ డిగ్రీలు కాదు. నేను ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి మధ్య అరలో రాత్రంతా ఉంచమన్నాను. గాలి ఉష్ణోగ్రత తలుపు తీసినప్పుడల్లా ఎగురుతుంది, నీళ్లది నిలకడగా ఉంటుంది, గుడ్డు లోపలి పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. పొద్దున చూస్తే 9 డిగ్రీలు. రాత్రి మిగిలిన వేడి కూర గిన్నెలు తెచ్చి అందులోనే పెడుతున్నారు, తలుపు రబ్బరు ఒక మూల ఊడిపోయి ఉంది. 9 డిగ్రీల దగ్గర 7 రోజుల మాటకి అర్థమే లేదు. అది 4 డిగ్రీల దగ్గర ఇచ్చిన మాట. నన్ను అడిగితే నోటీసు కన్నా ముందు ఆ రబ్బరు మార్చాలి.

పిల్లలు ఫిర్యాదు చేసిన వాటిలో కొన్ని మాత్రం భయపడాల్సినవి కావు, అది కూడా న్యాయంగా చెప్పాలి. పచ్చసొన చుట్టూ బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో వచ్చే వలయం చూసి కుళ్లిందనుకుంటారు. ఎక్కువసేపు ఉడికినా, దించాక వేడి నీళ్లలోనే వదిలేసినా, తెల్లసొన నుంచి వచ్చే గంధకం వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు తెస్తుంది. తింటే ఏమీ కాదు. మూత తీయగానే డబ్బాలోంచి గుప్పుమనే వాసన కూడా చాలాసార్లు ఆ వాయువుదే, కాసేపట్లో పోతుంది. పోకుండా గుడ్డునే అంటిపెట్టుకుని ఉన్న కుళ్లు వాసన, చేతికి తగిలే జిగురు, తెల్లసొన మీద మచ్చలు, ఇవి కనిపిస్తే మాత్రం తేదీ చూడకుండా పారేయాలి. నీళ్లలో తేలితే పాడైనట్టు అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది పచ్చి గుడ్డు ఎంత పాతదో చెప్పేది. ఉడికించిన గుడ్డు తేలినా మునిగినా ఎప్పుడు ఉడికిందో, ఎక్కడ ఉందో తెలియదు.

మేనేజర్ గారి అసలు బాధ వృథా. వందల గుడ్లు పారేయమంటే ఎవరికైనా మనసొప్పదు. ఆ బాధని నేను తేలిగ్గా తీసుకోను. దానికి విరుగుడు పాత గుడ్లను సాగదీయడంలో లేదు, తక్కువ ఉడికించడంలో ఉంది. ఇందాక చెప్పినట్టు గుడ్డుకి అన్నిటికన్నా మంచి నిల్వ డబ్బా దాని పచ్చి పెంకే. పరీక్షల రోజుల్లో సగం మందే వస్తారని తెలుసు కాబట్టి సగమే ఉడికించి, వరస పెరిగితే రెండో విడత వేయాలి. నీళ్లు మరుగుతూ ఉంటే గుడ్డు గట్టిగా ఉడకడానికి పన్నెండు నిమిషాలు చాలు. పొద్దున హడావుడికి ముందుగా ఉడికించి పెట్టక తప్పదంటే, అది రాత్రి ఉడికించి పొద్దున పెట్టే గుడ్డు కావాలి. నా మటుకు నేను వారం అనే గడువుని ఇంటి ఫ్రిజ్‌కి ఒప్పుకుంటాను. మెస్ ఫ్రిజ్ తలుపు రోజంతా తెరుస్తూ మూస్తూ ఉంటారు, అక్కడ పెంకు ఉన్న గుడ్డుకి మూడు రోజులు, పెంకు తీసిన దానికి మర్నాటి భోజనం దాకా చాలంటాను. ఇది రూలు కాదు, వంటగదులు చూసి నేను వేసుకున్న గీత.

మా ఇద్దరి మధ్య ఈ మూడు రోజుల మీదే కాసేపు వాదన నడిచింది. "రూల్ ఏడంటే మీరు మూడంటారేంటండీ" అని ఆయన. రూల్ చెప్పే షరతులన్నీ ఈ వంటగదిలో ఉన్నాయని చూపించగలిగితే నేనూ ఏడే అంటానన్నాను. ఫ్రిజ్ రబ్బరు మార్చి, వరసగా కొన్ని రాత్రులు 4 డిగ్రీలు చూపించాక మళ్లీ మాట్లాడదామని ఒప్పుకున్నారు. ఆలోపు పాత నోటీసు తీసేసి ఇది పెట్టారు:

"మన మెస్సులో గుడ్లు తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేలా ఉడికిస్తాం. ప్రతి గిన్నెకీ కొత్త నీళ్లలో చల్లార్చి, దించిన 2 గంటల్లోపు పెంకుతోనే ఫ్రిజ్‌లో పెడతాం. ప్రతి ట్రే మీద ఉడికించిన తేదీ, ఫ్రిజ్‌లో పెట్టిన టైమ్ రాసి ఉంటుంది. ఉడికించిన రోజుతో కలిపి 3 రోజులు దాటిన గుడ్లు వడ్డించం. ఉడికేటప్పుడు పగిలిన గుడ్లు ఆ పూటే పెడతాం, దాచం. కౌంటర్ మీద 2 గంటలు దాటి ఉన్న గుడ్లు మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లవు. గుడ్డు జిగురుగా ఉన్నా, వాసన తేడాగా ఉన్నా తినకుండా కౌంటర్‌లో ఇవ్వండి, వేరేది ఇస్తాం. గుడ్లు రూముకి తీసుకెళ్తే 2 గంటల్లోపు తినేయండి."

చివరి వాక్యం విద్యార్థుల ప్రతినిధి చేర్పించింది. రాత్రి చదువుకుంటూ తిందామని జేబులో వేసుకెళ్లిన గుడ్డు పొద్దున బల్ల మీద కనిపించడం వాళ్లకే బాగా తెలుసు. నోటీసు రెండు కాపీలు తీయించమని అడిగాను: ఒకటి డైనింగ్ హాల్‌కి, ఒకటి ఫ్రిజ్ తలుపుకి. రెండో కాపీ పక్కనే దారంతో ఒక మార్కర్ పెన్ను, మాస్కింగ్ టేపు చుట్ట వేలాడదీశారు, ట్రే మీద తేదీ రాయడానికి వెతుక్కోకుండా.